పౌను ఇరవై ఒక్క రూపాయలైన ఏడు

మా అక్క కూతురు చాలాకాలం వాళ్ళమ్మ తార్నాక బ్యాంకులో ఉంటుందని అనుకునేది. అందులో దాని తప్పేమీ లేదు. అక్క ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో నర్సు. రెండు మూడు నెలలకోసారి ఆమె పంపిన డ్రాఫ్టు వచ్చేది. అది రాగానే అమ్మ ఉతికిన చీర కట్టుకొని, పాపకు తల దువ్వి, రిబ్బను కట్టి, "పద బిడ్డా, మీ అమ్మ పంపింది బ్యాంకుల వేసొద్దాం" అని చెయ్యి పట్టుకొని నడిపించుకు పోయేది. పాపకు అమ్మంటే రిబ్బనూ, ఆ నడకా, ఆ కటకటాల కౌంటరూ. ఒకరోజు అది మునివేళ్ళ మీద నిలబడి కటకటాల్లోంచి గుమాస్తాను అడిగింది.

"మా అమ్మ ఎప్పుడు బయటికొస్తది?"

ఆయన ముద్ర వేయబోతున్న చేయి అట్లాగే ఆపి అమ్మ వైపు చూశాడట. తర్వాత, "జల్ది వస్తది బేటా" అన్నాడట. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతూ అమ్మ నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

మా బావ రైల్వే వర్క్‌షాపులో పని చేసేవాడు. కామెర్లొచ్చి పోయాడు. అప్పటికి పాప పాకుతోంది. అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివింది. ఇంగ్లండులో నర్సులకు కొరతగా ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది. పాపకు రెండేళ్ళు నిండాక ఓడెక్కింది. ఏడాదీ రెండేళ్ళలో నిలదొక్కుకుని, పాపకు బడి ఈడు వచ్చేసరికి పిలిపించుకోవాలని ఆమె ఆలోచన. పాప ఒంటరిగా పోయే ఈడు కాదు గనుక మా అమ్మ దాని వెంట పోయి, కొన్నాళ్ళుండి, ఓడలోనే తిరిగి రావాలి. అంటే పాపకు సగం టికెట్టు, అమ్మకు పోను, రాను టికెట్లు. ఆ డబ్బే తార్నాక బ్యాంకులో కూడుతూ వచ్చింది.

అక్కడే దాచుకోక ఇక్కడికెందుకు పంపుతున్నావని నేనొకసారి ఉత్తరంలో అడిగాను. చేతిలో ఉంటే ఖర్చయిపోతాయనీ, టికెట్లు ఎట్లాగూ సికిందరాబాదులోనే కొనాలనీ, అమ్మ పేరున ఉంటే తనకు ధైర్యంగా ఉంటుందనీ రాసింది. నాకూ అది సబబుగానే తోచింది. తార్నాకలో మేమున్నది అద్దె ఇల్లు. నేనూ, అమ్మా, పాపా. యూనివర్సిటీ లైబ్రరీలో నా ఉద్యోగం. నా జీతంలో ఇల్లు సగం నడిచేది, మిగతా సగానికి అక్క విడిగా కొంత పంపేది.

పందొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలానికి టికెట్ల డబ్బు దాదాపు కూడింది. ఇంకొక్క డ్రాఫ్టు వస్తే చాలు. వానలు తగ్గాక బొంబాయిలో ఓడ ఎక్కాలని అనుకున్నాం. అమ్మ పాపకు ఉన్ని స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది. హైదరాబాదు మే నెలలో ఉన్ని ముట్టుకుంటేనే చేతులకు చెమటలు పట్టేవి. మధ్యాహ్నాలు గడప మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుని ఆమె అల్లుతుంటే, పాప ఉన్ని బంతి పట్టుకుని ఎదురుగా కూర్చునేది.

జూన్ మొదట్లో, ఒక ఆదివారం సాయంత్రం, రూపాయి విలువ తగ్గించినట్టు రేడియోలో చెప్పారు. మా ఇంట్లో రేడియో లేదు. మరునాడు పొద్దున నేను లైబ్రరీకి పోయేసరికి సెలవుల్లో నిర్మానుష్యంగా ఉండే చోట నలుగురైదుగురు లెక్చరర్లు ఒకే పత్రిక మీద వంగి ఉన్నారు. ఒకాయన మెల్లగా పైకి చదువుతున్నాడు. డాలరుకు నాలుగు రూపాయల డెబ్భై ఆరు పైసలుండేది, ఇకనుంచి ఏడున్నర.

నేను పని చేసేది పత్రికల విభాగంలో. విదేశాల నుంచి వచ్చే శాస్త్ర పత్రికలకు చందాలు కట్టడం, వచ్చినవి నమోదు చేయడం, రానివాటి కోసం ఉత్తరాలు రాయడం నా పని. మా లైబ్రేరియన్ నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన వరంగల్ వైపు మనిషి, యాభై దాటినవాడు, ఎంత విసుగొచ్చినా గొంతు పెంచేవాడు కాదు. బల్ల మీద ఆ ఏటి బిల్లులు పరచుకున్నాడు.

"గీ బిల్లు చూడమ్మ. ఇంగ్లండు నుంచి వచ్చింది. పౌన్లల్ల ఎంతున్నది?"

చెప్పాను.

"పోయినేడు ఎంతుండె?"

"అంతే సార్. వాళ్ళు పెంచలేదు."

"వాళ్ళు పెంచలే. మొన్న శనివారం కట్టి ఉంటే ఒక్కో పౌనుకు పదమూడు రూపాయల చిల్లర ఇస్తుంటిమి. ఇయ్యాల ఇరవై ఒకటి ఇయ్యాలె. పత్రిక గదే, పేజీలు గవే. మనకు గ్రాంటు ఇచ్చేది మాత్రం రూపాయల్ల. అది పెరుగుతదా?"

"మరి ఎందుకు తగ్గించిన్రు సార్?"

"మనం బయటి దేశాల నుంచి కొనేది ఎక్కువ, బయటికి అమ్మేది తక్కువ. డాలర్లు చాలుతలేవు. రూపాయి చవకయితే మన సరుకు బయటోళ్ళకు చవకగ కనబడతది, ఎక్కువ కొంటరని ఒక ఆశ. మనం బయటికెళ్ళి తెచ్చుకునేది మాత్రం ఆ రోజే పిరమయితది. అమ్ముడుపోవుడు నిదానంగ, రేటు పెరుగుడు జల్ది."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. నా మనసు మాత్రం బిల్లుల మీద లేదు. ఓడ టికెట్టు ఖరీదు కూడా పౌన్లలోనే ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టింది.  సార్‌ను అడిగి మధ్యాహ్నం సెలవు పెట్టి, సికిందరాబాదు బస్సెక్కాను.

ఓడ టికెట్లు అమ్మే ఏజెంటు దుకాణం స్టేషను దగ్గరి సందులో ఉండేది. గోడ మీద నీలిరంగు సముద్రం పటం, కింద ఒక చెక్క బెంచీ. ఏజెంటు పెద్దాయన. అంతకు ముందు రెండుసార్లు పోయి రేట్లు అడిగొచ్చాను గనుక నన్ను గుర్తు పట్టాడు. చూడగానే నేనెందుకు వచ్చానో ఆయనకు తెలిసిపోయింది. ముందు మంచినీళ్ళు తెప్పించాడు.

"పొద్దుగాల నుంచి మీరు ఐదో మనిషమ్మ," అన్నాడు. "నేనైతే ఒక్క పైస పెంచలే. కంపెనీ కూడ పెంచలే. పౌన్లల్ల గదే కిరాయి. రూపాయే పల్చబడ్డది."

"మొన్ననే ఖాయం చేసుకుని ఉంటే?"

"పైసలు కట్టి ఉంటే పాత రేటే ఉంటుండె. ఖాలీ మాట చెప్పి పోతే ఏం లాభం లేదు. గిప్పుడు మీరు దాచిన పైసలతోని..." వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అమ్మగారు పోవచ్చు, పాప పోవచ్చు. అమ్మగారు వాపస్ రారు."

ఆ మాట ఆయన హాస్యానికి అనలేదు. అయినా ఇద్దరం ఒక్కసారి నవ్వాం. నవ్వాక ఆయనే నొచ్చుకుని, "ఫికర్ చేయకుండ్రి, ఏదన్న తోవ ఉంటది" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ స్వెట్టరు చేతి భాగం కలుపుతోంది. విషయం చెప్పాను. ఆమె అర్థం చేసుకోలేదు, నమ్మనూ లేదు. లేచి పెట్టెలోంచి పాస్‌బుక్కు తీసి నా ముందు పెట్టింది.

"ఏది, చూడు. తగ్గినయా?"

"తగ్గలేదమ్మా."

"మరి పైసలు పైసలే ఉన్నయి, ఓడోళ్ళు పెంచలేదంటున్నవు. నడుమ ఎవరు తిన్నరు మరి?"

 బయట చీకటి పడుతోంది. పాప బంతి పట్టుకుని మా ఇద్దరి ముఖాలూ చూస్తోంది. పాస్‌బుక్కులోని అంకెలు చూపిస్తూ చెప్పాను, అక్క పౌన్లు పంపినప్పుడే బ్యాంకు వాటిని రూపాయలు చేసి వేసింది. ఆనాటి రేటు ఒక్కో పౌనుకు పదమూడు చిల్లర. ఆ పదమూడు ఇప్పటికీ పదమూడే. కానీ ఓడవాళ్ళకు మళ్ళీ పౌన్లే ఇవ్వాలి. ఇప్పుడు ఒక్క పౌను కొనాలంటే ఇరవై ఒకటి పెట్టాలి. అక్క ఒక పౌను పంపితే, మన దగ్గరికొచ్చి అది పౌనులో మూడో వంతు పైన పోగొట్టుకుంది.

 అమ్మ పుట్టింది పొలం పనుల ఇంట్లో. తనకు తెలిసిన దారిన తను ఆలోచించుకుంది.

"అంటే గిట్ల," అంది నెమ్మదిగా. "పంట చేతికి రాంగనె జొన్నలు అమ్మి పైసలు ఇంట్ల పెట్టుకున్నం. విత్తనాల యాల్లకు మల్ల జొన్నలే కొనబోతే రేటు పెరిగింది. పైసలకు చెద పట్టలే, జొన్నలే తక్కువొచ్చినయి."

"అంతేనమ్మా."

"మరి జొన్నలు జొన్నలుగనె పెట్టుకోవాలె."

ఆ మాట విన్నప్పుడు నాకు దాని విలువ తెలియలేదు. అమ్మ స్వెట్టరు మడిచి, సూదులు దానికి గుచ్చి, పెట్టె అడుగున పెట్టేసింది. పాపను ఒళ్ళోకి తీసుకుంది. "పోనీలె. ఇంకొన్ని రోజులు నా దగ్గరుంటది," అంది దాని జుట్టులో ముఖం పెట్టి. ఆమె గొంతులో బాధ ఎంతుందో, సంతోషం ఎంతుందో నాకు తెలియలేదు. నా మనసులోనూ ఆ రెండూ విడివిడిగా లేవు. రాత్రి పాప మా ఇద్దరి మధ్య పడుకుని, ఒక కాలు నా మీద, ఒక చేయి అమ్మ మీద వేసి నిద్రపోయేది. అది పోయిన తర్వాత ఆ పక్క ఎట్లా ఉంటుందో నేను అప్పటికే చాలాసార్లు ఊహించుకుని ఉన్నాను.

ఆ వారంలోనే మా ఇంటి ఓనరమ్మ పళ్ళెంలో మిఠాయి పట్టుకొచ్చింది. ఆమె తమ్ముడు కువైటులో పని చేసేవాడు. ప్రతి నెలా ఈమె కుటుంబానికి కొంత పంపేవాడు. ఈసారి అదే మొత్తం పంపితే ఇక్కడ సగానికి పైగా ఎక్కువొచ్చిందట.

"మా తమ్మునికి జీతం పెరగలే, ఏం లేదు. మాకు మాత్రం పెరిగింది. మీకు కూడ మంచిగనే అయితది కద, మీ పెద్దమ్మాయి పంపుతది."

అమ్మ మిఠాయి తీసుకుంది. "మంచిదే," అంది. "మీరు నెలకు నెల తిన్నరు. మేం దాచిపెట్టినం."

ఆ రోజంతా నేను ఆ మాట గురించే ఆలోచించాను. ఒకే రూపాయి, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. వాళ్ళకు ముందు రాబోయే డబ్బు పెరిగింది. మాకు ఇదివరకే వచ్చిన డబ్బు తరిగింది. ఓనరమ్మ సంతోషం కూడా పూర్తిగా నిలవలేదు, ధరలు పెరగడం మొదలైంది. పాపకు వేసే చేప నూనె సీసా ఇంగ్లండు సరుకు. తార్నాక చౌరస్తాలో మందుల దుకాణానికి పోతే, దుకాణందారు సీసా మీద దుమ్ము తుడిచి కొత్త ధర చెప్పాడు.

"ఇది పాత సరుకే కద," అన్నాను. "దుమ్ము కూడ పాతదే."

"పాతదే అమ్మా. కానీ ఇది అమ్మినంక మల్ల ఒకటి తెచ్చి పెట్టాలె కద. పాత రేటుకు అమ్ముకుంటె కొత్తది ఎట్ల తేవాలె?"

"మరి ఈ దగ్గు మందు మన దగ్గర చేసిందే. దానికెందుకు పెంచిన్రు?"

"చేసేది మన దగ్గర. దాంట్లో పడే పౌడరు బయటి దేశం నుంచి వస్తది."

కొన్ని వస్తువుల మీద సర్కారు దిగుమతి పన్ను తగ్గించిందనీ, అందుకని అన్నీ అంతకంత పెరగవనీ సార్ చెప్పాడు. నిజమే, కొన్ని కొంచెమే పెరిగాయి. కానీ ఆ ఏడు వానలు కూడా సరిగా లేవు. బియ్యం, పప్పు వేరే కారణాలతో పెరిగాయి. కొన్ని నెలలు గడిచేసరికి కువైటు నుంచి వచ్చే ఎక్కువలో చాలా భాగం దుకాణాలకే పోతోందని ఓనరమ్మ కూడా అనసాగింది.

లైబ్రరీలో మాకు అప్పుడు కష్టకాలం. ఉన్న గ్రాంటుతో పాత పత్రికలన్నీ తెప్పించలేం. మూడింట ఒకటికి పైగా ఆపేయాలి. ఏవి ఆపాలో ప్రొఫెసర్లను అడిగితే ఎవరిది వాళ్ళకు ప్రాణం. జంతుశాస్త్రంలో ఒక ప్రొఫెసరు గారు రోజూ వచ్చి, తన పత్రిక పాత సంచికలు తీసుకుని ఊరికే తిరగేసి పోయేవారు. ఆపవద్దని ఒక్కరోజూ నోరు తెరిచి అడగలేదు. చివరికి దాన్నీ ఆపక తప్పలేదు.

ఒకరోజు సార్ నన్ను పిలిచి, "మన యూనివర్సిటీ కూడ ఒక పత్రిక అచ్చేస్తది కద" అన్నాడు.

"అవును సార్."

"అది మనకు రూపాయల్ల పడుతది. కాగితం, అచ్చు, పోస్టు, అన్నీ రూపాయలే. వాళ్ళది వాళ్ళకు పౌన్లల్ల పడుతది. మనది మనం పంపుదం, వాళ్ళది వాళ్ళు పంపుతరా అని అడుగుదం. పైసలు సముద్రం దాటే పనే లేదు. ఎవరి ఖర్చు వాళ్ళ ఊర్లనే."

ఇంగ్లండులో, ఇంకా వేరే దేశాల్లో ఉన్న లైబ్రరీలకు ఆ ఉత్తరాలు టైపు చేసింది నేనే. నాలుగైదు ఉత్తరాలయ్యాక నా వేళ్ళు ఆగిపోయాయి. ఎవరి ఖర్చు వాళ్ళ ఊర్లోనే. జొన్నలు జొన్నలుగానే పెట్టుకోవాలె. అమ్మ వారాల కిందటే అన్న మాటా, సార్ చెప్పిన మాటా ఒకటే. టైపు మిషను మీద అట్లాగే కూర్చుండిపోయాను.

సాయంత్రం క్యాంపస్ దారిలో నడుస్తూ అంతా వరస పెట్టుకున్నాను. ఇంట్లోకి అడుగుపెట్టి చెప్పులు విడవకుండానే అమ్మకు చెప్పాను.

"అక్కను ఇక మనకు ఏం పంపొద్దందాం. ఇంటి ఖర్చుకు కూడా పంపొద్దు. తన జీతం అక్కడే పౌన్లల్లనే పెట్టుకోమందాం. టికెట్లు అక్కడనే కొంటది. అక్కడ కిరాయి పెరగలేదు కద."

"మరి మనం ఏం తినాలె?"

"బ్యాంకుల ఉన్నయి కద అమ్మా, రూపాయలు. అవి పౌన్లు కొననీకి పనికిరావు గానీ, బియ్యం కొననీకి పనికొస్తయి."

అమ్మ ముఖం మారిపోయింది. "అవి పిల్ల పైసలు. పిల్లను తల్లి కాడికి చేర్చే పైసలు. అవి నేను తింటనా?"

"పిల్ల కూడ తింటది. దాని బడి ఫీజు కూడ అందులోనే కడతం."

"వద్దు."

రెండు రోజులు అమ్మ ఆ సంగతి ఎత్తనివ్వలేదు. మూడో రోజు ఆదివారం. చర్చికి పోయి వచ్చాక, అన్నం వడ్డిస్తూ తనే అంది.

"మూడేండ్ల నుంచి అది ఒక్కో పైస దాచి పంపింది. ఆ పుస్తకం తీసి చూసుకుంటె నాకు అది కండ్ల ముందర ఉన్నట్టుండేది. పుస్తకం ఖాళీ అయితే నాకేం ఉంటది?"

నేను పళ్ళెం పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాను.  ఇంతలో పాప నీళ్ళ గ్లాసు తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది. కన్నీళ్ళు కనబడితే నీళ్ళివ్వాలని దానికి ఎవరు నేర్పారో. అమ్మ ఆ నీళ్ళు తాగి, "రాయి ఉత్తరం" అంది.

అక్క జవాబు మూడు వారాలకు వచ్చింది. ఆమె ఉత్తరాలు ఎప్పుడూ పొడిగా ఉండేవి, వానలు, డ్యూటీ, ఆరోగ్యం. ఇది అట్లా లేదు. రేటు మారిన సంగతి తెలిసిన రోజు వార్డులో ఒక ముసలామెకు మంచం సర్దుతూ ఏడ్చిందట. ఆ ముసలామె ఏమైందని అడిగితే, "నా బిడ్డ ఇంకొంచెం దూరం జరిగింది" అని చెప్పిందట. మీరు చెప్పినట్టే చేస్తాను, మొదట్నుంచీ ఇట్లా చేయాల్సింది, అని రాసింది. కింద విడిగా ఒక వాక్యం. "పైసలు పంపకపోతే నేను మీకు ఏం చేస్తున్నట్టు అనిపిస్తలేదు. అందుకని వారం వారం ఉత్తరం రాస్త."

అట్లాగే రాసింది. డ్రాఫ్టులు ఆగి ఉత్తరాలు పెరిగాయి. అవి ఇదివరకటి లాంటివి కావు. పాపకని విడిగా ఒక పేజీ. అక్కడి ఎర్ర బస్సు, మంచు, తన టోపీ, తన గది కిటికీలోంచి కనిపించే పిల్లి. నేను చదివి వినిపిస్తే పాప ఆ పిల్లికి పేరు పెట్టింది, జవాబులో ఆ పేరు రాయమంది. తర్వాతి ఉత్తరంలో అక్క పిల్లిని ఆ పేరుతోనే రాసింది. బ్యాంకులో ఉన్న తల్లి మెల్లగా ఉత్తరంలోకి వచ్చింది.

ఆ తర్వాత పది నెలలు మేం అక్క దాచిన రూపాయల మీద బతికాం. అద్దె, బియ్యం, పాప బడి. ధరలు పెరిగినందువల్ల అనుకున్నదాని కన్నా త్వరగా కరిగాయి. అయినా అక్కకు రాయలేదు. పాపకు చేప నూనె మానేసి మునగాకు వండుకున్నాం. అక్కడ అక్క నర్సుల హాస్టల్లో ఉంటూ పొదుపు చేసి, ఎండాకాలం మొదట్లో టికెట్ల డబ్బు ఓడ కంపెనీకి అక్కడే కట్టేసింది. సికిందరాబాదు ఏజెంటుకు ఆ మేరకు కబురు వచ్చింది. కాగితాల పని, అక్క వీళ్ళను పోషిస్తానని రాసిచ్చిన హామీ, అన్నీ ఆయనే దగ్గరుండి చూసుకున్నాడు. చివరి రోజు టికెట్లు నా చేతిలో పెడుతూ, "అమ్మగారు వాపస్ కూడ వస్తరు" అన్నాడు.

అమ్మ పెట్టె అడుగు నుంచి స్వెట్టరు తీసింది. పాపకు తొడిగి చూస్తే చేతులు మణికట్టుకు నాలుగు వేళ్ళు పైనే ఆగిపోయాయి. ఏడాదిలో అంత పెరిగింది. మళ్ళీ విప్పి, వేరే రంగు ఉన్ని కలిపి అల్లింది. బొంబాయి దాకా పోవడానికి నాకు సెలవు దొరకలేదు. మా మేనమామ వాళ్ళను ఓడ ఎక్కించడానికి ఒప్పుకున్నాడు. స్టేషనులో రైలు కిటికీ పక్కన నిలబడ్డాను. పాప అప్పటిదాకా హుషారుగా ఉంది. ఈల వినబడ్డాక ఒక్కసారి అర్థమైంది.

"చిన్నమ్మా, నువ్వెక్కవా?"

"నాకు ఆఫీసున్నది కద."

"ఆఫీసు అయిపోయినంక?"

"ఉత్తరం రాస్త. నువ్వు పిల్లిని చూసి ఎట్లున్నదో నాకు రాయి."

అది కిటికీ ఊచల్లోంచి నా చీర కొంగు పట్టుకుంది. రైలు కదులుతుంటే అమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఆ రాత్రి నేను మంచం మీద పడుకోలేదు. బయట వరండాలో చాప వేసుకున్నాను. ఓనరమ్మ వచ్చి ఏమీ అడగకుండా నా పక్కనే తనూ చాప వేసుకుని పడుకుంది.

ఆ శరత్కాలంలో ఇంగ్లండువాళ్ళు తమ పౌను విలువ తగ్గించారు. మన రూపాయి ఈసారి కదల్లేదు. ఇరవై ఒకటున్న పౌను పద్ధెనిమిదయింది. లైబ్రరీలో ఇంగ్లండు బిల్లులు కొంచెం తేలికయ్యాయి. జంతుశాస్త్రం ప్రొఫెసరు గారి పత్రిక మళ్ళీ తెప్పించగలిగాం. నేనే పోయి చెప్పాను. ఆయన "అచ్ఛా" అన్నారు, అంతే. కానీ ఆ సాయంత్రం నా బల్ల మీద ఒక జామపండు పెట్టిపోయారు.

అమ్మ చెబితే అక్క రాసిన ఉత్తరం తర్వాతి నెలలో వచ్చింది. అక్కడ టెలివిజన్లో పెద్దమనిషి ఒకాయన కనిపించి, ఇక్కడ మన జేబులో ఉన్న పౌనుకు ఏం కాలేదని చెప్పాడట. హాస్టల్ నర్సులంతా అది విని ఊపిరి పీల్చుకున్నారట. అక్క ఆ మాట తెలుగులో చెబితే అమ్మ తలూపి, "మా పాస్‌బుక్కుకు కూడ ఏం కాలే" అందట. "దుకాణంల బయటి సరుకు ఏమున్నదో చూసుకో. గవే పెరుగుతయి." కొన్ని వారాలకు వెన్న, మాంసం ధరలు పెరిగాయని, ఇప్పుడు నర్సులంతా అమ్మను ఏది పెరుగుతుందో అడుగుతున్నారని అక్క రాసింది. ఇక మీద ఇంటికి పంపితే మీకు తక్కువ రూపాయలే అందుతాయని కూడా రాసింది. నాకు పంపాల్సిన అవసరం లేదని జవాబిచ్చాను. ఒక్కదానికి నా జీతం చాలుతోంది.

ఉత్తరాల్లో ఎవరూ రాయని సంగతి ఒకటుంది. అది అమ్మ తిరిగి వచ్చాకనే తెలిసింది. మరుసటి ఏడు మొదట్లో వచ్చింది అమ్మ. సూయజ్ కాలువ మూసేసి ఉండటం వల్ల ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చింది. మనిషి నల్లబడి, తగ్గి ఉంది. స్నానం చేసి, పచ్చడి అన్నం తిని, గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టింది.

"పిల్ల తల్లి దగ్గరికి పోలేదే. ఓడ దిగంగనే అది చేతులు చాపింది. ఇది నా ఎనకకు దాక్కున్నది. రెండు నెలలు గట్లనే. 'నర్సమ్మా' అని పిలిచేది తల్లిని. అది పిలుపుకు పలికేది, పోయి బాత్రూంల ఏడ్చేది. నేను వినంగనె."

"మరి?"

"నేను చెప్పిన, తొందర పడకు అని. నీ దగ్గర పైసలుండె, మా దగ్గర పిల్ల ఉండె. పైసలంటె ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రేటు చూసి మార్చుకుంటం. పిల్లను ఎట్ల మారుస్తం? అది నిదానంగ మారుతది అని."

 తర్వాతి సంగతి కూడా తనే చెప్పింది. చలికాలంలో ఒకరోజు అక్కకు జ్వరం వచ్చి పడుకుందట. ఎవరూ చెప్పకుండానే పాప గ్లాసుతో నీళ్ళు తీసుకుపోయి మంచం పక్కన నిలబడ్డదట. అక్క తాగి గ్లాసు ఇచ్చాక కూడా కదల్లేదట. తర్వాత బూట్లతోనే దుప్పటిలోకి దూరి, ఒక కాలు తల్లి మీద వేసి నిద్రపోయిందట.

"నా మీద ఏసే చెయ్యి ఉన్నది చూడు," అంది అమ్మ, "ఆ రాత్రి నుంచి నా దిక్కు రాలేదు. నేను పక్క మంచం మీద ఒక్కదాన్నే పండుకున్న. మస్తు నిద్ర పట్టింది."